యాభై ఆరు అడుగులు

రాజమండ్రిలో ఏ కూడలి అని అడక్కండి. కూడలి పేరు రాస్తే ఆ కుర్రాడెవరో ట్రాఫిక్ స్టేషన్లో ఇట్టే తెలిసిపోతుంది. నాలుగు రోడ్లు కలిసేచోటు, మధ్యలో డివైడర్లు, ఓ మూల మందుల షాపు, ఇంకో మూల చెరుకురసం బండి అనుకోండి. చాలు.

శ్రీనివాసు ఆ పాయింట్లో డ్యూటీకొచ్చి అప్పటికి నాలుగు రోజులైంది. పాతికేళ్ల కుర్రాడు. డిగ్రీలో లెక్కలు చదివి, కానిస్టేబుల్ సెలక్షన్స్‌లో పరుగు పందెం పాసై, ఖాకీ ప్యాంటూ తెల్లచొక్కా వేసుకున్నాడు. పరుగెత్తి సంపాదించిన ఉద్యోగంలో రోజంతా ఒక్కచోటే నిలబడాల్సి రావడం అతనికి ఇంకా అలవాటవలేదు.

మధ్యాహ్నం పన్నెండూ పావు. మందుల షాపు ముందు ఓ ముసలావిడ నిలబడి ఉంది. డెబ్భై అయిదు దాటి ఉంటాయి. నేతచీర, కాళ్లకి రబ్బరు చెప్పులు, ఎడమచేతిలో మూడు గిన్నెల స్టీలు క్యారియరు. సిగ్నల్ పడింది. అందరూ దాటారు. ఆవిడ దాటలేదు. రెండోసారి పడింది. ఓ అడుగు వేసి వెనక్కి తీసుకుంది. మూడోసారికి శ్రీనివాసు చక్కా వచ్చేశాడు.

"రండి మామ్మగారూ, నేను దాటిస్తాను" అని కుడిచెయ్యి పట్టుకుని బయల్దేరాడు.

అతని అడుగు అతనిది. పోలీసు అడుగు. డివైడర్ దాకా ఆవిడ ఎలాగోలా వెంటబడింది. డివైడర్ దాటి రెండడుగులు వేసిందో లేదో, మేకు కొట్టినట్టు ఆగిపోయింది. ఇతను ముందుకి లాగుతున్నాడు, ఆవిడ వెనక్కి లాగుతోంది. చెప్పు జారింది. క్యారియరు మూత కింద నుంచి చారు కారింది. అప్పటికే అటు సిగ్నల్ మారిపోయింది. మోటారు సైకిళ్లు ఇద్దరికీ అటూ ఇటూ పాముల్లా దూసుకుపోయాయి. ఎలాగో అవతల గట్టు ఎక్కారు.

థాంక్స్ చెబుతుందేమోనని చూశాడు శ్రీనివాసు.

"ఏంటయ్యా ఆ లాగుడు? సంతకి దూడని తోలుకెళ్తున్నావా?" అంది మామ్మగారు. "చారు సగం పోయింది. మా అక్కకి ఏం పెట్టను?"

క్యారియరు తుడుచుకుంటూ సందులోకి వెళ్లిపోయింది. చెరుకురసం బండివాడు నవ్వాపుకోలేక గ్లాసులు కడగడం మొదలెట్టాడు.

మర్నాడు అదే టైముకి వచ్చింది. ఇతను దగ్గరికి వెళ్తే "నీ పని నువ్వు చూసుకో బాబూ" అంది. సరే, గొడుగు కిందే నిలబడి చూస్తూ ఉన్నాడు. ఆ రోజు చూశాడు, ఆ మర్నాడూ చూశాడు. వెళ్లేటప్పుడు పన్నెండూ పావు, తిరిగొచ్చేటప్పుడు రెండు. రెండుసార్లూ ఒకటే వరస. మొదటి సగం మెల్లిగానే అయినా తడబడకుండా వస్తుంది. డివైడర్ దాటిన రెండు మూడడుగులకి ఆగిపోతుంది. ఎవరో ఒక ఆడమనిషో, కాలేజీ పిల్లలో పక్కన చేరితే వాళ్ల కొంగో సంచో పట్టుకుని దాటుతుంది. లేకపోతే వెనక్కొచ్చి డివైడర్ మీద నిలబడిపోతుంది.

రోడ్డంటే భయమైతే మొదటి అడుగులోనే ఉండాలి కదా? సగం దాటాక ఎందుకొస్తుంది? అదీ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ?

లెక్కల కుర్రాడు కాబట్టి ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. రాత్రి గదిలో కాగితం మీద రోడ్డు బొమ్మ గీసుకున్నాడు. మన దేశంలో బళ్లు ఎడమవైపు నడుస్తాయి. కాబట్టి ఏ గట్టు మీంచి దిగినా సరే, మొదటి సగంలో బళ్లు మనకి కుడివైపు నుంచి వస్తాయి. డివైడర్ దాటాక ఎడమవైపు నుంచి వస్తాయి. తిరుగు ప్రయాణంలోనూ అంతే. మనం రోజూ చేసేదే గానీ ఇలా విడదీసి ఎప్పుడూ ఆలోచించం. అంటే మామ్మగారికి భయం రెండో సగం మీద కాదు. ఎడమవైపు మీద.

మర్నాడు ఎండగా ఉన్నా టోపీ తీసి చేత్తో పట్టుకుని వెళ్లాడు.

"మామ్మగారూ, మీకు ఎడమకన్ను సరిగ్గా కనబడదా అండీ?"

ఆవిడ అతన్ని మొదటిసారి పరీక్షగా చూసింది. చూడ్డానికి మొహం కొంచెం ఎడమవైపు తిప్పి, కుడికంటిని అతనికి ఎదురుగా తెచ్చుకుంది. దాంతో సగం జవాబు దొరికిపోయింది.

"శుక్లం. కుడికంటికి కిందటేడు చేశారు. ఎడమది కూడా చేసేస్తామన్నారు. చేశాక కొన్నాళ్లు పొయ్యి దగ్గరికెళ్లకూడదు, బరువులెత్తకూడదు అన్నారు. మరి మా అక్కకి అన్నం ఎవరు తీసుకెళ్తారు? అందుకని ఆపేశాను."

"మరి డివైడర్ దాటాక ఎలా వెళ్తున్నారండీ?"

"చప్పుడుని బట్టి. లారీ చప్పుడు వేరు, స్కూటరు చప్పుడు వేరు. ఇదివరకు సుఖంగానే ఉండేది. ఇప్పుడు ఈ బ్యాటరీ ఆటోలొచ్చాయి చూడూ, అవి పిల్లుల్లా వస్తాయి నాయనా. పక్కకొచ్చి నిలబడేదాకా తెలీదు."

శ్రీనివాసుకి తను మొదటిరోజు చేసిన పని గుర్తొచ్చింది. ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని, ఆవిడకి కుడిపక్కనే నడిచాడు. డివైడర్ దాటాక కనబడని వైపుని ఖాళీగా వదిలేసి, కనబడేవైపుకి తను అడ్డం నిలబడ్డాడన్నమాట.

"ఈసారి మిమ్మల్ని పట్టుకోనండి. మీరే నన్ను పట్టుకోండి" అని మోచెయ్యి మడిచి చూపించాడు.

ఇది చిన్న తేడాలా కనబడుతుంది గానీ చాలా పెద్ద తేడా. మనం వాళ్ల చెయ్యి పట్టుకుంటే మన నడకకి వాళ్లు రావాలి. వాళ్లు మన మోచెయ్యి పట్టుకుంటే వాళ్ల నడకకి మనం వస్తాం. తూలితే మన బరువు మీద ఆనుకుంటారు, ఆగాలనిపిస్తే ఆగుతారు, వదిలేయాలనిపిస్తే వదిలేస్తారు. మామ్మగారు క్యారియరు ఎడమచేతిలోనే ఉంచుకుని, కుడిచేత్తో అతని మోచెయ్యి పట్టుకుంది. డివైడర్ దగ్గరకొచ్చాక శ్రీనివాసు ఆగి, ఆవిడ వెనక నుంచి తిరిగి ఎడమపక్కకి వచ్చాడు. క్యారియరు కుడిచేతిలోకి మారింది. ఎడమచెయ్యి అతని మోచేతి మీదకి వచ్చింది.

"ఇప్పుడు బళ్లన్నీ ముందు నన్ను గుద్దాలండి" అన్నాడు.

"ఛ, అవేం మాటలు" అంది గానీ, ఆ రోజు ఆగలేదు.

నడుస్తూ అతను అడుగులు లెక్కపెట్టాడు. గట్టు నుంచి డివైడర్ దాకా 26. డివైడర్ మీద 4. అక్కణ్నుంచి అవతలి గట్టుకి 26. మొత్తం 56. వాచీలో చూస్తే ఆగకుండా నడిస్తే 40 సెకన్లు. అక్కడ నడిచేవాళ్లకి పడే పచ్చబొమ్మ 18 సెకన్లే ఉంటుంది. రోడ్డు 20 మీటర్లు. మామూలు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజినీర్ల లెక్క. ఆ లెక్కన 18 సెకన్లు సరిగ్గా సరిపోతాయి. మామ్మగారు సెకనుకి అరమీటరు నడుస్తుంది. పచ్చబొమ్మ పడగానే బయల్దేరినా, డివైడర్ ఎక్కేసరికి అది ఆరిపోతుంది. ఆవిడ తప్పేం లేదు, బొమ్మ తప్పూ లేదు. ఆ లెక్కలో ఆవిడ లేదు, అంతే.

సిగ్నల్ స్తంభానికి ఉన్న పెట్టె తెరిస్తే చేత్తో నడిపే మీట ఉంటుంది. ఓ రోజు ఉత్సాహం కొద్దీ దాన్ని వాడి, నాలుగువైపులా ఎర్రదీపం వేసి ఆవిడ్ని ఒకేసారి దాటించాడు. ఆవిడ దాటడం బాగానే దాటింది. ఆ అర నిమిషంలో బస్సుల వెనక బస్సులు చేరి, తోక పక్క కూడలి దాకా పోయింది. వైర్‌లెస్ సెట్లో ఎస్సైగారు తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఇది ఆదివారం అనుబంధం, ఇంటిల్లిపాదీ చదువుతారు.

అప్పుడు వేరే ఉపాయం చేశాడు. ఒక పచ్చబొమ్మకి సగం రోడ్డే. డివైడర్ మీద ఆగాలి. రెండు నిమిషాల్లో మళ్లీ పచ్చబొమ్మ పడుతుంది. దానికి మిగతా సగం. మొత్తం మూడు నిమిషాల లోపు పని. సిగ్నల్ పెట్టె ముట్టుకోనక్కర్లేదు.

"ఎండలో రెండు నిమిషాలు నిలబెడతావా?" అంది.

డివైడర్ మీద దారి చూపించే పెద్ద బోర్డు ఒకటుంది. పన్నెండూ పావుకి దాని నీడ సరిగ్గా ఎక్కడ పడుతుందో అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. రెండు రోజుల్లో గీత చెరిగిపోయింది. ఆ చోటు మాత్రం ఆవిడ కాళ్లకి గుర్తుండిపోయింది.

ఇంకొకటి కూడా నేర్పాడు. ఎర్రదీపం పడ్డాక బస్సు ఆగుతుంది. డ్రైవరు మంచివాడైతే వెళ్లమని చెయ్యి ఊపుతాడు. మనం ఆ చెయ్యి చూసి గబగబా వెళ్తాం. ప్రమాదం అక్కడే ఉంది. బస్సు పక్కనుంచి మోటారు సైకిలువాడు దూసుకొస్తాడు. బస్సు అడ్డం ఉంది కాబట్టి వాడు మనకి కనబడడు, మనం వాడికి కనబడం. అందుకని బస్సు ముందు నడిచి, దాని అంచు దగ్గర ఆగి, తల మాత్రం బయటపెట్టి చూసి, అప్పుడు అడుగేయాలి.

"గుమ్మం దగ్గర ఎవరొచ్చారో చూసినట్టా?" అంది మామ్మగారు.

"ఆయ్, అదేనండి."

నెల రోజులు గడిచాయి. ఆ నెలలో డివైడర్ మీద నిలబడే రెండేసి నిమిషాల్లో సంగతులన్నీ తెలిశాయి. ఆవిడ పేరు మహాలక్ష్మి. అక్క పేరు సత్యవతి. ఎనభై నాలుగేళ్లు, పిల్లల్లేరు. మోకాళ్లు పట్టేసి మంచం దిగదు. చెవులు వినబడవు, కాబట్టి ఫోను చేసినా లాభం లేదు. అద్దెకున్నవాళ్లు పొద్దున్న పనికి పోతే రాత్రికి వస్తారు. రోడ్డుకి ఇవతలికొచ్చి తమ ఇంట్లో ఉండమంటే, మొగుడు కట్టిన ఇల్లు వదిలి రానంటుంది. 2015 పుష్కరాల ముందు ఇక్కడ డివైడరూ లేదు, ఇన్ని బళ్లూ లేవు, అక్కాచెల్లెళ్లు రోజుకి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేవాళ్లట.

"షుగరు మాత్ర పన్నెండున్నరకి వేసుకుంటుంది. గోడ గడియారం చూసి వేసేసుకుంటుంది, నేనొచ్చినా రాకపోయినా. మాత్ర వేసుకున్నాక అరగంటలో అన్నం కడుపులో పడాలి. కిందటి వానాకాలంలో ఓ రోజు నీళ్లు నిలబడి ఆలస్యంగా వెళ్లాను. ఒళ్లంతా చెమట్లు, చేతులు వణుకు, నన్ను చూసి 'ఎవరమ్మా నువ్వు?' అంది. పంచదార నీళ్లు పట్టిస్తే గానీ మనిషి కాలేదు."

అందుకే ఆవిడకి పన్నెండూ పావు అంటే పన్నెండూ పావే.

ఆ బుధవారం మంత్రిగారి పర్యటన. మధురపూడి విమానాశ్రయంలో దిగి ఊళ్లోకి వస్తారు. పన్నెండింటి నుంచే రోడ్డుకి రెండువైపులా తాళ్లు కట్టేశారు. ఎవర్నీ దాటనివ్వకూడదని ఆర్డరు. విమానం ఆలస్యమైంది. పన్నెండున్నర అయింది. తాడు వెనక రెండు వందల బళ్లు చేరాయి, హారన్లు మోగుతున్నాయి. తాడు ముందు రోడ్డు మాత్రం ఆవిడ ఎప్పుడూ చూడనంత ఖాళీగా ఉంది. ఒక్క కుక్క నిదానంగా జీబ్రా గీతల మీంచి దాటి వెళ్లింది.

మహాలక్ష్మమ్మ తాడు పట్టుకుని నిలబడి ఉంది. ఏమీ అడగడం లేదు. మందుల షాపులోని గడియారం వైపు కుడికన్ను తిప్పి చూస్తోంది, మళ్లీ రోడ్డు వైపు చూస్తోంది.

పన్నెండూ ముప్పావు.

"అక్క మాత్ర వేసేసుకుని ఉంటుంది" అంది, అతనితో కాదు, క్యారియరుతో అన్నట్టు.

శ్రీనివాసు సెట్ చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు. "విమానం దిగింది. కాన్వాయ్ ఇంకా ఎయిర్‌పోర్టులోనే ఉంది" అని వినబడింది. విమానాశ్రయం నుంచి ఈ కూడలికి ఎంత వేగంగా వచ్చినా పావుగంట పడుతుంది. ఈవిడకి 40 సెకన్లు. ఇక్కణ్నుంచి సందులో ఇంటికి నాలుగైదు నిమిషాలు. కాన్వాయ్ పోయేదాకా ఆపితే ఒకటింబావు దాటుతుంది.

లెక్క తేలిగ్గానే తేలింది. కష్టం లెక్కలో లేదు. ఆర్డరు ఎందుకు పెడతారో కూడా అతనికి తెలుసు. ఒక్కరికి తాడు ఎత్తితే వెనకున్న రెండు వందల బళ్లూ మాకూ పని ఉందంటాయి. ఒక్క బండి దూరిందంటే వంద దూరతాయి. అప్పుడు పావుగంట కూడా చాలదు.

పక్క పాయింట్లో ఉన్న హోంగార్డుని పిలిచాడు. "అన్నా, తాడు చంకలో పెట్టుకుని గట్టిగా పట్టుకో. నేను తిరిగొచ్చేదాకా ఒక్క చక్రం కదలకూడదు."

తర్వాత బళ్ల వైపు తిరిగాడు. "ముందు వరసవాళ్లు ఇంజన్లు ఆపండి. తాళాలు చేతిలో పట్టుకుని నాకు చూపించండి."

"ఆవిడకో రూలు, మాకో రూలా?" అన్నాడు ముందున్న కుర్రాడు.

"ఆవిడ అడుగులు నేను లెక్కపెట్టాను. నీ బండి స్పీడు నాకు తెలీదు. తాళం తియ్యి."

ఎందుకో తీశాడు. వాడు తీస్తే పక్కవాడూ తీశాడు. హారన్లు కాస్త తగ్గాయి.

తాడు కిందనుంచి మామ్మగారు వంగి వచ్చింది. శ్రీనివాసు మోచెయ్యి మడిచాడు. ఒకటి, రెండు, మూడు. ఖాళీ రోడ్డు కదా, తొందరగా నడవచ్చు కదా అనిపిస్తుంది మనకి. డెబ్భై ఆరేళ్ల మోకాళ్లకి ఖాళీ రోడ్డూ, నిండు రోడ్డూ ఒకటే. ఇరవై ఆరు. డివైడర్. ఒక్క బండీ లేకపోయినా అలవాటుగా అతను వెనకనుంచి తిరిగి ఎడమపక్కకి వచ్చాడు, ఆవిడ అలవాటుగా క్యారియరు చేయి మార్చింది.

వెనకనుంచి ఈల వినబడింది. ఎస్సైగారు. "ఒరేయ్! పాయింటు వదిలేసి ఎక్కడికిరా?"

"ఎవరయ్యా అరుస్తున్నది?" అంది మామ్మగారు.

"మీరు నడవండి. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది..."

యాభై ఆరు దగ్గర అవతలి తాడు ఎత్తాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండా, తనకి చేతనైనంత వేగంగా సందులోకి వెళ్లిపోయింది. అతను పరుగెత్తుకుంటూ పాయింటుకి తిరిగొచ్చాడు. సెలక్షన్స్ తర్వాత మళ్లీ ఆ రోజే పరుగెత్తాడు. హోంగార్డు తాడు అలాగే పట్టుకుని ఉన్నాడు.

కాన్వాయ్ ఒంటిగంటా ఆరుకి పోయింది. తొమ్మిది కార్లు. కూడలి దాటడానికి వాటికి పట్టింది పది సెకన్లు.

సాయంత్రం స్టేషన్లో మెమో ఇచ్చారు. 'బందోబస్తు సమయంలో ఆదేశాలకు విరుద్ధంగా ఒకరిని రోడ్డు దాటించి, పాయింటు వదిలి వెళ్లినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.' ఎస్సైగారు చెడ్డవాడేం కాదు. మెమో చేతికిస్తూ, "నువ్వు చేసింది తప్పని నేననను. కానీ ఆ అర నిమిషంలో కాన్వాయ్ ముందొచ్చే కారు వచ్చి ఉంటే సస్పెండయ్యేది నువ్వొక్కడివే కాదు, నేను కూడా" అన్నారు. అందులోనూ అబద్ధం లేదు.

రాత్రి కూర్చుని సంజాయిషీ రాశాడు. కాన్వాయ్ కదలలేదని సెట్లో విన్న టైము, ఆమె నడకకి పట్టే సమయం, రోడ్డు వెడల్పు, తాడు ఎవరికి అప్పగించాడో, ఎన్ని గంటలకి తిరిగి పాయింటుకి చేరాడో అన్నీ రాశాడు. అక్క సంగతి రాద్దామా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు. ఒక వాక్యం రాశాడు. 'అవతల ఒక రోగి ఆహారం కోసం ఎదురుచూస్తున్నందున' అని. పేర్లు రాయలేదు.

మర్నాడు పన్నెండూ పావు. మందుల షాపు ముందు మామూలుగానే క్యారియరుతో నిలబడి ఉంది. మడిచిన కాగితం ఇతని చొక్కా జేబులోనే ఉంది. డ్యూటీ దిగాక ఇచ్చెయ్యాలి.

"నిన్న నీకేమైనా అన్నారా నాయనా?"

"అబ్బే, ఏం లేదండి. పెద్దమ్మగారు ఎలా ఉన్నారు?"

పచ్చబొమ్మ పడింది. ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుంది. డివైడర్ ఎక్కి, బోర్డు నీడలో తన చోటు చూసుకుని నిలబడ్డాక గానీ జవాబు చెప్పలేదు.

"వెళ్లేసరికి చెమటలు పట్టి మంచం మీద వాలిపోయి ఉంది. పంచదార నోట్లో వేశాను. కాసేపటికి తేరుకుని అన్నం కలిపించుకుని తింది."

"తిన్నారు కదండీ."

"తినడానికి తింది. చారులో ఉప్పు తక్కువైందని సాయంత్రం దాకా సాధించింది."

అవతల ఎర్రదీపం పడింది. శ్రీనివాసు ఆవిడ వెనకనుంచి తిరిగి ఎడమపక్కకి వచ్చి మోచెయ్యి మడిచాడు.